పాత ఫైల్లో ఉన్నది నేనే

బ్యాంకు నుంచి వచ్చిన జవాబు మూడే వాక్యాలు. మీ ఈమెయిల్ అందింది. అది మా దగ్గర నమోదైన ఈమెయిల్ నుంచి రాలేదు కాబట్టి ఏమీ చేయలేము. నమోదైన ఈమెయిల్ నుంచి రాయండి, లేదా మీ హోమ్ బ్రాంచికి రండి.

నేను రాసిందే ఆ నమోదైన ఈమెయిల్ మార్చమని. అది కాలేజీ రోజుల్లో పెట్టుకున్నది, పాస్‌వర్డ్ మర్చిపోయి పదేళ్లు దాటింది. హోమ్ బ్రాంచి తెనాలిలో ఉంది. నేను ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉన్నాను, హోటళ్ల వంటగదుల్లో ఫ్రిజ్‌లు, కోల్డ్ రూములు బాగుచేసే చిన్న కంపెనీ నడుపుకుంటూ. ఆ జవాబు చదివినప్పుడు నాకు వచ్చిన కోపం మామూలుది కాదు. మా బావకి ఫోన్ చేసి అరగంట తిట్టాను, బ్యాంకుని. ఆయన ఓపిగ్గా విని, "సరేలేరా, ఇంతకీ ఆ మెయిల్ రాసింది నువ్వేనని వాళ్లకెలా తెలియాలి?" అన్నాడు. అప్పుడు ఆ మాట నచ్చలేదు. ఇప్పుడు ఈ వ్యాసమంతా దాదాపు ఆ ఒక్క మాట గురించే.

సంగతి మొదట బయటపడింది నాన్న ఆరోగ్య బీమా దగ్గర. ప్రీమియం, విదేశీ సంపాదన దాచుకునే నా ఎన్ఆర్ఈ ఖాతా నుంచి ఏటా దానంతట అదే కట్ అయ్యేది. 2025 ఏప్రిల్‌లో కట్ కాలేదు. ఖాతాలో డబ్బు ఉంది, బయటికి వెళ్లడం మాత్రం ఆపేశారు. కారణం కేవైసీ గడువు దాటడం. బ్యాంకు ఉత్తరం పంపిందట, తెనాలి ఇంటికి. నాన్న దాన్ని జాగ్రత్తగా కరెంటు బిల్లుల కవరులో పెట్టారు. "బ్యాంకువాళ్లు ఏదో పంపుతూనే ఉంటారు కదరా" అన్నారు. ఎస్ఎంఎస్‌లు కూడా పంపారట, నాన్న పాత నంబరుకి.

ఆ నంబరు కథ చెప్పాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో చాలామందిది ఇదే కథ. నా ఖాతాకి నమోదైన మొబైల్ నాన్నది. ఓటీపీ వచ్చినప్పుడల్లా ఫోన్ చేసేవాణ్ని, ఆయన కళ్లజోడు వెతుక్కుని ఆరంకెలు చదివేవారు. రెండు నిమిషాల్లో గడువు అయిపోయి మళ్లీ పంపించుకునేవాణ్ని. తర్వాత ఆయన కొత్త సిమ్ తీసుకున్నారు. పాతదానికి రీఛార్జి మానేశారు. 90 రోజులు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరు రద్దు చేయవచ్చు, ఆ తర్వాత కొంతకాలానికి అది ఇంకొకరికి వెళ్తుంది. అంటే నా బ్యాంకు ఓటీపీలు నేను ఎన్నడూ చూడని మనిషి జేబులోకి వెళ్లే రోజు రావడం ఖాయం. ఇలా రద్దయిన నంబర్ల జాబితాని టెలికాం శాఖ బ్యాంకులకి అందుబాటులో పెడుతోంది. ఆ జాబితా చూసుకుని ఖాతాదారుల నంబర్లు సరిచూసుకోమని 2025 జనవరిలో ఆర్‌బీఐ బ్యాంకులకి చెప్పింది కూడా. నా నంబరు అలా దొరికిందో లేదో నాకు చెప్పలేదు గానీ, దొరకడమే మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇంతకీ నా మొదటి మెయిల్‌లో ఏముంది? కంపెనీ ఈమెయిల్ నుంచి, కంపెనీ లోగోతో, చాలా మర్యాదగా రాశాను. నేను విదేశాల్లో వ్యాపారం చేసుకుంటున్నానని, రావడం కుదరదని, నా కొత్త మొబైల్, కొత్త ఈమెయిల్, కొత్త అడ్రసు ఫలానా అని, పాస్‌పోర్టు స్కాన్ జతచేశానని. ఇప్పుడు దాన్ని బ్యాంకు కుర్చీలో కూర్చుని చదివి చూడండి. ఎవరో తెలియని ఈమెయిల్. ఎవరి దగ్గరైనా దొరికే పాస్‌పోర్టు స్కాన్, వీసాకని, హోటల్‌కని, అద్దె ఇంటికని నేనే ఎంతమందికి పంపానో లెక్కలేదు. అడుగుతున్నది ఓటీపీ వెళ్లే నంబరు మార్చమని. దొంగ రాసే మెయిల్ కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది, బహుశా ఇంకాస్త బాగా రాస్తాడు. నంబరు చేతిలోకి వస్తే ఖాతా చేతిలోకి వచ్చినట్టే. అందుకే మొబైల్ నంబరు మెయిల్ మీద మార్చని బ్యాంకు సరైన పనే చేసింది. మనవాళ్ల గ్రూపుల్లో ఈ మాటంటే కొట్టడానికి వస్తారు, అయినా అంటాను. మెయిల్ రాయగానే నంబరు మార్చేసే బ్యాంకైతే నా డబ్బు అక్కడి నుంచి తీసేస్తాను.

మనం ఎక్కడ పొరబడతామంటే, బ్యాంకు "నువ్వెవరు?" అని అడుగుతోందనుకుంటాం. అందుకని ఇప్పటి మన ఘనత అంతా పంపిస్తాం: కొత్త పాస్‌పోర్టు, కంపెనీ లెటర్‌హెడ్, విజిటింగ్ కార్డు. బ్యాంకు అడుగుతున్నది అది కాదు. మా ఫైల్లో ఉన్న మనిషివి నువ్వేనా అని. ఆ ఫైల్లో ఉన్నవాడు తెనాలి కుర్రాడు. ఇంటిపేరు ఒక్క అక్షరం, పాత పాస్‌పోర్టు నంబరు, నాన్న మొబైల్, మీసం సరిగ్గా రాని ఫొటో. అతనికీ నాకూ మధ్య వంతెన కట్టే కాగితాలు కావాలి. మిగతావి ఎన్ని పంపినా బరువే.

ఆ వంతెనల్లో అన్నిటికంటే పనికొచ్చింది పాస్‌పోర్టు చివరి పేజీ. చాలామంది ఫొటో ఉన్న పేజీ ఒక్కటే పంపుతారు. భారత పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు, అడ్రసుతోపాటు పాత పాస్‌పోర్టు నంబరు, అది ఎప్పుడు ఎక్కడ ఇచ్చారో కూడా ఉంటుంది. బ్యాంకు ఫైల్లో ఉన్నది ఆ పాత నంబరే. కొత్త పాస్‌పోర్టు ఫొటో పేజీ మాత్రమే చూసిన గుమస్తాకి నంబరు కలవదు. చివరి పేజీ చూస్తే రెండూ ఒకే చోట కనిపిస్తాయి. నా ఉత్తరంలో ఆ నంబరుని ప్రత్యేకంగా రాసి, "మీ రికార్డులో ఉన్నది ఇదే, జతచేసిన చివరి పేజీలో చూడవచ్చు" అన్నాను. ఇంటిపేరు సంగతి కూడా అలాగే. ఖాతాలో ఒక్క అక్షరం, పాన్‌లో, పాస్‌పోర్టులో పూర్తిగా. ఇది మన తెలుగువాళ్లకి పుట్టుకతో వచ్చే తలనొప్పి. వాళ్లు అడిగేదాకా ఆగకుండా ముందే ఒక వాక్యంలో చెప్పేస్తే సగం ఉత్తరాలు తగ్గుతాయి.

రెండోసారి పంపినప్పుడు ఇవన్నీ సర్దుకుని, కాపీల మీద మా కంపెనీ పనులు చూసే సొలిసిటర్ అనే లాయరు చేత "ఒరిజినల్‌తో సరిచూశాను" అని ముద్ర వేయించి కొరియర్ చేశాను. మూడు వారాల తర్వాత తిరస్కరణ. ఇక్కడ తప్పు నాదే. ప్రవాస భారతీయుల కాగితాలని ఎవరు ధ్రువీకరించవచ్చో ఆర్‌బీఐ కేవైసీ మార్గదర్శకాల్లో, "సర్టిఫైడ్ కాపీ" అనే మాట నిర్వచనంలోనే ఉంది. భారతీయ షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకుల విదేశీ శాఖల అధీకృత అధికారులు, మన బ్యాంకులతో సంబంధాలున్న విదేశీ బ్యాంకుల శాఖలు, విదేశంలోని నోటరీ పబ్లిక్, కోర్టు మేజిస్ట్రేట్, జడ్జి, మనముండే దేశంలోని భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్. వీళ్లలో ఎవరైనా ఒక్కరు చాలు. సొలిసిటర్ ఆ జాబితాలో లేడు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ వేరు, నోటరీ వేరు. ఇక్కడ నోటరీల్ని నియమించేది కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పేరు మీద నడిచే ఒక కార్యాలయం, ఎనిమిదో హెన్రీ కాలం నుంచి. తెనాలి బ్యాంకులో నా ఫోన్ నంబరు మారడానికి చివరికి ఆర్చిబిషప్ గారి మనిషి దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందన్నమాట.

మూడోసారి నోటరీ దగ్గర చేయించి పంపాను. అప్పుడు బ్రాంచి నుంచి ఇంకో జవాబు: నోటరీ చెల్లదు, కాన్సులేట్ ముద్రే కావాలి. బ్యాంకుని నేను సమర్థించడం ఇక్కడితో ఆగిపోతుంది. నిబంధనలో "వీళ్లలో ఎవరైనా ఒకరు" అని ఉంటే బ్రాంచిలో "వీళ్లలో ఒక్కరే" అంటారు. ఆ కౌంటర్‌లో ఉన్నాయనది చెడ్డతనమేమీ కాదు. ఎప్పుడో ఒక ఆడిట్‌లో ఎవరో అడిగి ఉంటారు, అప్పటి నుంచి అన్నిటికంటే పెద్ద ముద్రే అడగడం అలవాటయి ఉంటుంది. కానీ ఆ అలవాటు ఖర్చు మనది: అపాయింట్‌మెంట్, ఒక పనిదినం, ఇంకో కొరియర్. మా ఊళ్లోనే కాన్సులేట్ ఉంది కాబట్టి నేను వెళ్లగలను. ఎక్కడో కార్న్‌వాల్‌లో దుకాణం నడుపుకునేవాడి సంగతేమిటి?

ఈసారి ఫోన్ చేసి అరవలేదు. బ్రాంచి మేనేజర్ గారికి, బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి కలిపి ఒక చిన్న ఉత్తరం రాశాను. నిర్వచనంలోని ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించి, "నోటరీ కాపీ తిరస్కరించడానికి మీ బ్యాంకు విధానంలో వేరే నియమం ఉంటే దాని ప్రతి పంపండి" అని అడిగాను. ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా `cms.rbi.org.in`లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. ఆ మాట బెదిరింపులా కాకుండా చివర ఒక వాక్యంగా పెట్టాను. తొమ్మిదో రోజున నోటరీ కాపీలు స్వీకరించామని జవాబొచ్చింది. ఏ నియమమూ పంపలేదు.

వ్యాపారం చేసుకునేవాడికి అదనంగా ఉండే చిక్కు ఒకటుంది. ఎన్ఆర్ఐ అంటే ఉద్యోగి అనే ఊహతో తయారైన ఫారాలివి. యజమాని పేరు, ఉద్యోగి గుర్తింపు కార్డు, జీతం స్లిప్పు. నేను మొదట నా కంపెనీ లెటర్‌హెడ్ మీద "ఫలానా వ్యక్తి మా కంపెనీ డైరెక్టరు" అని రాసి, కింద డైరెక్టరుగా నేనే సంతకం చేసి పంపాను. చట్టప్రకారం కంపెనీ వేరు, నేను వేరు, తప్పేమీ లేదు. బ్రాంచిలో మేడమ్ గారు మాత్రం ఫోన్‌లో నవ్వు ఆపుకుంటూ, "సర్, మీకు మీరే సర్టిఫికెట్ ఇచ్చుకున్నారు కదండీ" అన్నారు. నిజమే. ఆవిడకి కావలసింది నేను చెప్పింది కాక, మూడోవాడు చెప్పినది. ఇక్కడ కంపెనీల్ని నమోదు చేసే కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో కంపెనీ నంబరుతో ఎవరైనా చూసుకోగల పేజీ ప్రింటు ఒకటి, ఇక్కడి పన్ను శాఖ ఇచ్చే ఎస్ఏ302 అనే పన్ను లెక్క ఒకటి పంపాను. ఆదాయం ఎక్కడిదన్న ప్రశ్న ఆ రెండింటితో ఆగిపోయింది.

ఇక్కడే ఇంకో ఇరుకు కూడా ఉంది. వ్యాపారస్తుడికి అడ్రసులు ఎక్కువ. కంపెనీస్ హౌస్‌లో ఉన్న రిజిస్టర్డ్ ఆఫీసు మా అకౌంటెంటు అడ్రసు. లెటర్‌హెడ్ మీద ఉన్నది వర్క్‌షాపు. ఇంటి పన్నులాంటి కౌన్సిల్ టాక్స్ బిల్లు మీద ఉన్నది ఇల్లు. ఒకే కవరులో మూడు అడ్రసులు చూసిన గుమస్తా, ఏది నమ్మాలో తెలియక ఫైలు పక్కన పెట్టేస్తాడు. నేనైనా అదే చేస్తాను. అందుకని ఉత్తరంలో అడ్రసు పేరా మొత్తం ఇదే రాశాను: నా నివాసం ఇది, రుజువు కౌన్సిల్ టాక్స్ బిల్లు, ఉత్తరాలు దీనికే పంపండి, మిగతా కాగితాల్లో కనిపించే రెండు అడ్రసులు కంపెనీవి, వాటిని నమోదు చేయనక్కరలేదు. చేయనక్కరలేనిది ఏదో చెప్పడం, చేయాల్సింది చెప్పడం కంటే ఎక్కువ పనికొచ్చింది. ఏ దేశంలో పన్ను కడుతున్నామో చెప్పే పన్ను నివాసం డిక్లరేషన్‌లో అడిగే విదేశీ పన్ను గుర్తింపు సంఖ్య దగ్గర కూడా కంపెనీది రాయకూడదు, మనదే రాయాలి. ఖాతా మన పేరున ఉంది కదా.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి మాత్రమే వచ్చే తమాషా ఒకటి. బ్యాంకు చెల్లుబాటయ్యే వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ అడుగుతుంది. నాకు ఇక్కడ శాశ్వత నివాస హక్కు ఉంది. కానీ దాని కార్డు మీద గడువు 2024 డిసెంబరు 31 అని ఉంటుంది, నాకే కాదు, లక్షలమందికి. ఇక్కడి ప్రభుత్వం కార్డులు తీసేసి ఈవీసా పెట్టింది, అంటే హక్కు కంప్యూటర్‌లో ఉంటుంది, చేతిలో ఏమీ ఉండదు. "మీ పర్మిట్ ఎక్స్‌పైర్ అయింది సర్" అని బ్రాంచి అంటే వాళ్ల తప్పు లేదు, కార్డు మీద అలాగే ఉంది. ప్రభుత్వ సైట్‌లో లాగిన్ అయి 9 అక్షరాల షేర్ కోడ్ తీసుకోవచ్చు. ఆ కోడ్, పుట్టిన తేదీ కొడితే ఎవరైనా నా హక్కు చూడవచ్చు. కోడ్ 90 రోజులే పనిచేస్తుంది. కొరియర్‌కి వారం, ఫైలు కదలడానికి మూడు నెలలు అనుకుంటే బ్యాంకు దాన్ని తెరిచి చూసేనాటికి అది చచ్చిపోయి ఉంటుంది. అందుకే నోటరీ గారినే తన కంప్యూటర్‌లో కోడ్ కొట్టి చూడమన్నాను. తెర మీద కనిపించిన పేజీని ప్రింటు తీసి, ఫలానా తేదీన తాను స్వయంగా చూశానని రాసి ముద్ర వేశారు. బ్రాంచి దాన్ని ఒక్క ప్రశ్న లేకుండా తీసుకుంది. కోడ్‌కి గడువుంటుంది, చూశానన్న మాటకి ఉండదు.

ఇక నంబరు. ఇంత చేసి, అసలు దాని దగ్గరే బోర్లాపడ్డాను. ఫారంలో మొబైల్‌కి పది గళ్లు ఉన్నాయి. బ్రిటన్ మొబైల్ నంబర్లు ఇక్కడ 07తో మొదలవుతాయి. దేశం కోడ్ +44 పెడితే ముందు సున్నా తీసేయాలి. అప్పుడు మిగిలేది 7తో మొదలయ్యే పది అంకెలు. పది గళ్లలో అందంగా సరిపోయాయి, సంతోషంగా నింపాను. అంకెల పక్కన +44 రాయడానికి చోటు లేదు, రాయలేదు. మన దేశంలో మొబైల్ నంబర్లు ఎలా ఉంటాయి? పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. అంటే నేను రాసింది కంప్యూటర్‌కి నిఖార్సయిన భారత నంబరులా కనిపించింది. సరిచూసే ఏ ప్రోగ్రామూ తప్పు అనదు. ముందు +91 అదే చేరిపోయింది. నా ఖాతా సమాచారం దేశంలో ఎక్కడో ఎవరి ఫోన్‌కో వెళ్లడానికి సిద్ధమైంది.

అమెరికా వాళ్లకి కూడా పది అంకెలే కాబట్టి, ఏరియా కోడ్ 6 నుంచి 9 మధ్య మొదలైతే ఇదే ప్రమాదం. ఎలా తెలుస్తుందంటే, తప్పు జరిగినప్పుడు ఏమీ జరగదు, అదే గుర్తు. నంబరు అప్‌డేట్ అయిందని బ్యాంకు అంటుంది, మన ఫోన్‌కి ఒక్క మెసేజీ రాదు. నెట్‌వర్క్ సమస్యేమోనని రెండు రోజులు చూస్తాం. చూడకూడదు. నేను అదే రోజు బ్రాంచికి ఫోన్ చేసి, "నా నంబరు మీ తెర మీద ఎలా ఉందో చివరి నాలుగంకెలు కాదు, మొదటి నాలుగు చదవండి" అన్నాను. మేడమ్ గారు "తొమ్మిది, ఒకటి..." అనగానే అర్థమైంది. వెంటనే ఓటీపీలు ఆపించి, కోడ్ విడిగా రాసిన కొత్త ఫారం పంపాను. ఇప్పుడు ఎవరడిగినా చెబుతున్నాను, గళ్లు ఎన్ని ఉన్నా సరే, పక్కన పెన్నుతో "దేశం: యునైటెడ్ కింగ్‌డమ్, కోడ్ 44, సున్నా లేకుండా" అని రాయమని. ఫారం అందం చెడుతుంది, చెడనీ.

వాళ్లు నన్ను ఫోన్‌లో సరిచూసిన తీరు కూడా చెప్పాలి. బ్రాంచి పనివేళలకి, నా నిద్రకి నాలుగున్నర గంటల తేడా, చలికాలమైతే అయిదున్నర. మొదటి కాల్ ఉదయం ఆరున్నరకి నంబరు కనిపించకుండా వచ్చింది. మోసగాడనుకుని కట్ చేశాను. రెండోది కూడా. ఫైల్లో "ఖాతాదారు అందుబాటులో లేరు" అని రాశారట. తర్వాత ఉత్తరంలో ఒక వాక్యం చేర్చాను, భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఫోన్ చేయండి, చేసే ముందు ఈమెయిల్‌లో ఒక లైను పంపండి అని. ఆ మెయిల్ బ్యాంకు సొంత చిరునామా నుంచి వచ్చిందో లేదో చూసుకున్నాకే ఫోన్ ఎత్తాను. ఇప్పుడు మన బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ `.bank.in` చివరతో ఉండాలని ఆర్‌బీఐ పెట్టిన నియమం ఇలాంటప్పుడు పనికొస్తుంది. అమ్మ పేరు, నామినీ ఎవరు, ఖాతా ఏ సంవత్సరంలో తెరిచారు, చివరిగా పెద్ద మొత్తం ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు. ఓటీపీ, పిన్ ఏదీ అడగలేదు. అడిగి ఉంటే ఫోన్ పెట్టేసేవాణ్ని.

ఇదంతా చదివి "వీడియో కేవైసీ ఉంది కదా?" అంటారు. ఉంది, మనకి కాదు. వీడియోలో మాట్లాడే ఖాతాదారు భారతదేశంలోనే ఉన్నాడని లొకేషన్‌తో సరిచూడాలి, విదేశీ ఐపీ అడ్రసుల్ని అడ్డుకోవాలి అని నిబంధన. కారణాలు నాకు అర్థమవుతాయి. ఇంకో దేశంలో కూర్చున్నవాడి పక్కన ఎవరున్నారో, ఆ లొకేషన్ నిజమో కాదో బ్యాంకు తేల్చలేదు. కానీ ఒక్కసారి పోల్చి చూడండి. నా ముఖం ఎన్నడూ చూడని బ్రాంచి, తాను ఎన్నడూ వినని నోటరీ ముద్ర ఉన్న జిరాక్సుని కొరియర్‌లో తీసుకుని నమ్ముతోంది. అదే బ్రాంచి, నేను పాస్‌పోర్టు పట్టుకుని కెమెరా ముందు కూర్చుని, అడిగినదానికల్లా జవాబు చెబుతానంటే నమ్మనంటోంది. రెండూ కలిపి అడగవచ్చు కదా: నోటరీ కాపీ ముందు పంపు, ఆ తర్వాత వీడియోలో ఆ కాపీలో ఉన్నవాడివి నువ్వేనని చూపించు అని. ఒక్కొక్కటీ విడిగా బలహీనం, కలిస్తే కౌంటర్ దగ్గరికి వెళ్లిన మనిషికంటే గట్టి రుజువు. ఈ దారి తెరవకపోవడమే నాకు మిగిలిన అసలు ఫిర్యాదు.

ఇంకో సంగతి పక్కన చెప్పేస్తాను. అదే కస్టమర్ నంబరు కింద నాకు చదువుకునే రోజుల నాటి మామూలు సేవింగ్స్ ఖాతా కూడా ఉంది. అడ్రసు విదేశానికి మార్చమని రాసిన క్షణాన ఆ ఖాతా విషయంలో అది అడ్రసు మార్పు కాదు, నివాస హోదా మార్పు. విదేశంలో స్థిరపడ్డాక అలాంటి ఖాతాని, ప్రవాసుల స్వదేశీ ఆదాయానికి ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి, అది విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా నియమం. వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సుతో కలిపి టీడీఎస్ పడుతుందని చాలామంది దాన్ని అలాగే ఉంచేస్తారు, నేనూ ఉంచాను. ఉత్తరంలో దాచకుండా, ఈ ఖాతాని ఎన్ఆర్ఓగా మార్చండి అని విడిగా ఒక పేరా, విడిగా ఒక ఫారం పెట్టాను. దాచి ఉంటే రెండు ఖాతాల రికార్డుల్లో రెండు నేనులు ఉండేవాళ్లు.

మళ్లీ ఎప్పుడు అడుగుతారో కూడా లెక్క వేసుకున్నాను. బ్యాంకు ప్రతి ఖాతాదారునీ ఒక రిస్కు తరగతిలో పెడుతుంది. ఎక్కువ రిస్కైతే కనీసం రెండేళ్లకి, మధ్యరకమైతే ఎనిమిదేళ్లకి, తక్కువైతే పదేళ్లకి ఒకసారి కేవైసీ కొత్తగా చూడాలి. మనది ఏ తరగతో అడిగినా చెప్పరు, చెప్పకూడదు కూడా. నా ఎన్ఆర్ఈ ఖాతా పాత వివరాలతోనే 2017లో తెరిచాను, నోటీసు 2025లో వచ్చింది. బహుశా మధ్యరకం. ఫోన్ క్యాలెండర్‌లో 2033 జనవరికి ఒక గుర్తు పెట్టాను.

సెప్టెంబరులో అన్నీ పూర్తయ్యాయి, సంతకం తప్ప. దాని గురించి మొదట్లోనే చెప్పాల్సింది. చదువుకునే రోజుల్లో మొదటి ఖాతా తెరిచినప్పుడు నేను తెలుగులో సంతకం చేశాను, పూర్తి పేరు, చివరి "వు" కొమ్ముని కిందికి లాగి గీత కొట్టి. ఇక్కడికొచ్చాక పదిహేనేళ్లుగా ఇన్వాయిసుల మీద చేసేది ఇంగ్లీషులో రెండు మెలికలు. రెండోసారి పంపిన ఉత్తరం మీద ఆ మెలికలే ఉన్నాయి, తిరస్కరణకి చెప్పిన కారణాల్లో "సంతకం కలవలేదు" అన్నది కూడా ఉంది. మూడో ఉత్తరానికి ముందు ఒక నోట్‌బుక్‌లో ఆ పాత సంతకం ఎన్నిసార్లు రాసుకున్నానో. చేతికి పేరు గుర్తుంది గానీ ఆ గీత ఎటు తిరిగేదో గుర్తులేదు. నాన్న పాత చెక్కు ఒకటి వెతికి ఫొటో పంపారు. దాన్ని చూస్తూ వేశాను. మేడమ్ గారు "ఇప్పుడు కలిసింది సర్" అన్నారు. సంతకం మార్పు ఒక్కటి మాత్రం ఎదురుగా వచ్చి చేయాలట. ఈ సంక్రాంతికి వెళ్తే చేయిద్దామనుకున్నాను, వర్క్‌షాపు వదలడం కుదరలేదు. కాబట్టి ఇప్పటికీ బ్యాంకుకి ఏ కాగితం పంపాలన్నా ముందు ఆ నోట్‌బుక్ తీసి, ఒక పేజీ నిండా "వు" రాసుకుంటున్నాను.